ఎడమ పక్క సరుకు, కుడి పక్క ధర

GBP/USD 1.2700. విదేశీ మారకం తెర మీద కనిపించే మామూలు వరుస ఇది. ఆరు అక్షరాలు, మధ్యలో ఒక గీత, పక్కన ఒక అంకె. ఒక పౌండు ఖరీదు ఒక డాలరూ ఇరవై ఏడు సెంట్లు అని చెప్పడం దాని పని. కానీ ఏది కొంటున్నాం, దేనితో కొంటున్నాం, లాభం వస్తే ఏ కరెన్సీలో వస్తుంది, రేటు ఒక మెట్టు కదిలితే చేతికి ఎంత తేడా పడుతుంది అనే నాలుగు ప్రశ్నలకూ జవాబు ఆ ఒక్క వరుసలోనే ఉంది. ఇంత తక్కువ చోటులో ఇంత పని చేసే రాత వ్యాపార ప్రపంచంలో మరొకటి నాకు కనిపించలేదు.

ఎడమ పక్కనున్న కరెన్సీని బేస్ అంటారు, కుడి పక్కనున్నదాన్ని కోట్ అంటారు. గుంటూరు యార్డులో మిర్చి క్వింటా ఇంత అన్నప్పుడు క్వింటా కదలదు, దాని ఎదురుగా ఉన్న రూపాయలే పెరుగుతాయి, తగ్గుతాయి. బేస్ ఆ క్వింటా లాంటిది. అది ఎప్పుడూ ఒకటిగా నిలబడి ఉంటుంది, కదిలేదంతా కోట్. మిర్చి యార్డులో ఏది సరుకో, ఏది డబ్బో ఎవరూ అడగనక్కర్లేదు. మారకపు సంతలో ఆ సౌకర్యం లేదు. రెండు వైపులా ఉన్నవి డబ్బులే. పౌండును డాలర్లతో కొనొచ్చు, డాలర్లను పౌండ్లతోనూ కొనొచ్చు. ఎవరో ఒకరు ముందే తేల్చి చెప్పకపోతే "కొన్నాను" అన్న మాటకు అర్థమే ఉండదు. గీతకు ఎడమ పక్కన రాయడమంటే అలా తేల్చడమే. GBP/USD కొన్నానంటే పౌండ్లు తీసుకుని డాలర్లు ఇచ్చానని అర్థం, అమ్మానంటే పౌండ్లు ఇచ్చి డాలర్లు తీసుకున్నానని. బ్యాంకు చెప్పే రెండు ధరలు కూడా ఎడమ పక్క సరుకు గురించే. తక్కువగా ఉన్నది బ్యాంకు పౌండు కొనే ధర, ఎక్కువగా ఉన్నది అమ్మే ధర.

ఎవరికి అనువైన వైపు వాళ్లు రాసుకుంటే నష్టమేమిటి, తిరగేసి చదువుకోవచ్చు కదా అనిపిస్తుంది. అక్కడే అసలు చిక్కుంది. పౌండు 1.2500 దగ్గర ఉందనుకుందాం. తిరగేస్తే డాలరు 0.8000 పౌండ్లు, లెక్క చక్కగా కుదిరింది. ఇప్పుడు రేటు అతి చిన్న మెట్టు ఎక్కి 1.2501 అయింది. దాన్ని తిరగేస్తే 0.799936 వస్తుంది. మొదటి రాతలో నాలుగో దశాంశంలో నిండుగా ఒక అంకె కదిలితే, తిరగేసిన రాతలో ఆ మెట్టు 0.000064 అయింది. అది పూర్తి మెట్టు కాదు, అరమెట్టూ కాదు. పైగా రేటు 1.25 దగ్గర ఉన్నప్పుడు ఆ ముక్క ఒక సైజులోనూ, 1.40 దగ్గర మరో సైజులోనూ ఉంటుంది. ఒకరు ఇటు, ఒకరు అటు రాసుకుంటే ఇద్దరి మెట్లూ ఎప్పటికీ కలవవు. బేరం కుదిరిన ప్రతిసారీ చిల్లర మిగిలిపోతుంది. కాబట్టి ఒక జతకు ఒకే వరుస, అందరూ అదే పాటించాలి. లండన్‌లో ఉన్నా, టోక్యోలో ఉన్నా, ముంబైలో ఉన్నా GBP/USD అనే అంటారు, USD/GBP అనరు.

మరి ఎడమ పక్క కుర్చీ ఎవరిది? దీనికి జవాబు చరిత్రలో ఉంది, అది చాలా అందమైన జవాబు. 1971 ఫిబ్రవరి 15 వరకూ బ్రిటిష్ పౌండు దశాంశాల్లో లేదు. పౌండుకు ఇరవై షిల్లింగులు, షిల్లింగుకు పన్నెండు పెన్నీలు, వెరసి పౌండుకు 240 పెన్నీలు. 1949 నుంచి 1967 నవంబరు దాకా పౌండు అధికారిక రేటు 2.80 డాలర్లు. పౌండును ఎడమ పక్కన పెట్టి రాస్తే అంతే, 2.80. మూడు అంకెలతో పని అయిపోయింది. డాలరును ఎడమ పక్కన పెట్టి చూడండి. 240 పెన్నీలను 2.80తో భాగిస్తే 85 పెన్నీలూ, ఇంకా ఒక పెన్నీలో ఏడింట అయిదు వంతులు. అంటే డాలరు ధర ఏడు షిల్లింగుల ఒక పెన్నీ, ఆపైన ఏడింట అయిదు వంతులు. టెలిఫోనులో క్షణాల మీద బేరమాడే మనిషి నోట అలాంటి ధర పలకదు. దశాంశాల్లో ఉన్న కరెన్సీని ధరగానూ, దశాంశాల్లో లేనిదాన్ని సరుకుగానూ పెట్టుకుంటే ఆ బాధే లేదు. పౌండు ఎడమ పక్కకు చేరడానికి బ్రిటన్ పలుకుబడి ఒక్కటే కారణమనుకునేవాళ్లున్నారు. పలుకుబడి ఉన్నమాట నిజమే. కానీ నా మటుకు నాకు ఈ ఏడింట అయిదు వంతుల పెన్నీయే బలమైన సాక్ష్యంగా కనిపిస్తుంది.

ఆస్ట్రేలియా 1966లోనూ, న్యూజిలాండ్ 1967లోనూ పౌండ్లు వదిలి డాలర్లకు మారాయి. అయినా వాటి కరెన్సీలు ఇప్పటికీ AUD/USD, NZD/USD అని ఎడమ పక్కనే ఉన్నాయి. కెనడా 1858లోనే దశాంశాలకు మారిన దేశం, అది కుడి పక్కన ఉంది, USD/CAD. పాత పద్ధతి పోయినా దాని గుర్తు జతల వరుసలో మిగిలిపోయింది. 1999లో యూరో వచ్చినప్పుడు దాన్ని అన్నిటికీ ఎడమ పక్కన కూర్చోబెట్టారు. యూరోపియన్ సెంట్రల్ బ్యాంకు ఈనాటికీ ఒక యూరోకు ఇన్ని డాలర్లు, ఇన్ని యెన్లు అనే ప్రకటిస్తుంది. అందుకే పౌండు డాలరు ముందు ఎడమ పక్కన ఉన్నా, యూరో ముందు కుడి పక్కకు వెళ్తుంది, EUR/GBP. మొత్తం మీద వాడుకలో ఉన్న వరుస ఇది: యూరో, పౌండు, ఆస్ట్రేలియా డాలరు, న్యూజిలాండ్ డాలరు, అమెరికా డాలరు, తర్వాత మిగతావి. ఏ రెండింటిని జత చేసినా ఈ వరుసలో ముందున్నది ఎడమ పక్క.

మన దేశం కూడా ఒకసారి ఈ గీతకు అటూ ఇటూ మారింది. 1993 ఆగస్టు 2కు ముందు మన బ్యాంకులు వంద రూపాయలకు ఇన్ని డాలర్లు అని రేటు చెప్పేవి. అంటే సరుకు రూపాయి, ధర డాలరు. ఆ రోజు నుంచి డాలరుకు ఇన్ని రూపాయలు అనే పద్ధతికి మారారు. సరుకు ఎప్పుడూ ఒకటే ఉండాలన్న నియమం లేదని కూడా ఆ పాత పద్ధతి చూపిస్తుంది. వంద పెట్టుకున్నా నడుస్తుంది, అది కదలకుండా ఉంటే చాలు.

ఇక పిప్ దగ్గరికి వద్దాం. రేటు కదలికను కొలిచే వాడుక మెట్టు పిప్. చాలా జతల్లో అది నాలుగో దశాంశం, 0.0001. జపాన్ యెన్ కుడి పక్కనున్న జతల్లో మాత్రం రెండో దశాంశం, 0.01. కొత్తగా నేర్చుకునేవాళ్లకు దీన్ని ఒక మినహాయింపుగా చెప్పి వదిలేస్తారు. దగ్గరగా చూస్తే అది మినహాయింపు కాదు, అదే నియమం. డాలరులో అతి చిన్న నాణెం సెంటు, అంటే 0.01. అందులో నూరో వంతు 0.0001. పౌండుకు పెన్నీ ఉంది, అక్కడా అంతే. యెన్‌కు లోపల చిల్లర లేదు. ఒకప్పుడు సెన్ అని ఉండేది, 1953తో దాని చలామణీ ముగిసింది. ఇప్పుడు జపాన్‌లో అతి చిన్న నాణెం యెన్నే. అందులో నూరో వంతు 0.01. కుడి పక్క కరెన్సీలో అతి చిన్న నాణేన్ని నూరు ముక్కలు చేస్తే ఒక ముక్క పిప్ అని గుర్తుంచుకుంటే ఈ రెండు రకాల జతలకూ సరిపోతుంది. ఇప్పటి తెరల మీద ఆ ముక్కను మళ్లీ పదిగా చీల్చి 1.27003 అనో, 150.004 అనో చూపిస్తున్నారు. చివర చిన్నగా కనిపించే ఆ అంకె పిప్ కాదు, పిప్‌లో పదో వంతు. దాన్నే పిప్ అనుకున్నవాళ్ల లెక్క పదింతలు తప్పుతుంది. ముప్పై పిప్‌ల దూరంలో పెట్టాననుకున్న స్టాప్ నిజానికి మూడు పిప్‌ల దూరంలో ఉంటుంది. ఆర్డరు పెట్టిన నిమిషానికే మూతపడితే ముందుగా అనుమానించాల్సింది ఈ పొరపాటునే.

పిప్ ఖరీదు కట్టడానికి కొత్త సూత్రమేమీ అక్కర్లేదు, పైన చూసిన కట్టుబడిలోనే అది ఉంది. ఎడమ పక్క మొత్తం కదలదు. ఒక్కో యూనిట్ ధర ఒక పిప్ కదిలింది. కాబట్టి:

పిప్ విలువ (కుడి పక్క కరెన్సీలో) = ఎడమ పక్క మొత్తం × పిప్ సైజు

లక్ష యూరోల EUR/USD తీసుకుంటే 1,00,000 × 0.0001 = 10 డాలర్లు. రేటు 1.05లో ఉన్నా, 1.20లో ఉన్నా పదే. ఈ లెక్కలో రేటుకు చోటే లేదు చూడండి. కుడి పక్క కరెన్సీలో కొలిచినంతసేపూ పిప్ ఖరీదు రాయిలా ఉంటుంది. సరుకును ఎడమ పక్కన కట్టిపడేసిన పనితనం ఫలితం ఇక్కడ చేతికందుతుంది. వ్యాపారంలో అందరూ లక్షను ఒక స్టాండర్డ్ లాట్ అంటారు కాబట్టి "లాట్‌కి పిప్ పది డాలర్లు" అనే మాట పుట్టింది. ఆ మాట కుడి పక్కన డాలరు ఉన్న జతలకే నిజం.

USD/JPY తీసుకోండి. లక్ష డాలర్లు, పిప్ 0.01, గుణిస్తే 1,000 యెన్లు. ఇదీ రాయి లాంటిదే, కానీ యెన్లలో. ఖాతా డాలర్లలో ఉన్నవాళ్లు ఆ వెయ్యి యెన్లను డాలర్లు చేసుకోవాలి. రేటు 150.00 అయితే 1,000ని 150తో భాగించి 6 డాలర్ల 67 సెంట్లు. ఇక్కడ రేటు లెక్కలోకి వచ్చింది, దానితో పిప్ ఖరీదు కూడా కదలడం మొదలుపెట్టింది. 2011 అక్టోబరులో డాలరు 76 యెన్ల కిందికి దిగినప్పుడు ఇదే పిప్ 13 డాలర్ల పైన పలికింది. 2024 జూలైలో డాలరు 161 యెన్లు దాటినప్పుడు 6 డాలర్ల 20 సెంట్ల దగ్గరికి వచ్చింది. పిప్ మారలేదు, లాట్ మారలేదు. పాత రోజుల్లో అలవాటైన లెక్కను అలాగే పెట్టుకున్నవాళ్ల అంచనా మాత్రం సగానికి సగం తప్పింది.

ఇందులో ఒక సూక్ష్మం ఉంది. దాన్ని అంకెలతోనే చూడాలి. 150.00 దగ్గర లక్ష డాలర్ల USD/JPY కొన్నారు. పైన 120 పిప్‌ల దూరంలో 151.20 దగ్గర లాభానికి, కింద 120 పిప్‌ల దూరంలో 148.80 దగ్గర నష్టానికి ఆర్డర్లు పెట్టారు. దూరం రెండు వైపులా ఒకటే, యెన్లూ ఒకటే, 1,20,000. కొన్నప్పటి రేటుతో కట్టేవాళ్లు రెండు వైపులా 800 డాలర్లని రాసుకుంటారు. కానీ యెన్లు డాలర్లయ్యేది బేరం మూసిన రోజు రేటుతో. పైకి వెళ్లి మూస్తే 1,20,000ని 151.20తో భాగించాలి, 793 డాలర్ల 65 సెంట్లు వస్తాయి. కిందికి వెళ్లి మూస్తే 148.80తో భాగించాలి, 806 డాలర్ల 45 సెంట్లు పోతాయి. డాలరు బలపడి గెలిచినప్పుడు మనం గెలుచుకున్న యెన్లు చౌకవుతాయి, డాలరు పడి ఓడినప్పుడు మనం కట్టాల్సిన యెన్లు ప్రియమవుతాయి. అమ్మినవాళ్లకు ఇది సరిగ్గా తిరగబడి వాళ్లకు కలిసొస్తుంది. ఒక్క బేరంలో పన్నెండు డాలర్ల ఎనభై సెంట్ల తేడా పెద్దదేమీ కాదు. అయితే వందల పిప్‌ల దూరం పెట్టేవాళ్లకు, ఒకే పద్ధతిని ఏళ్ల తరబడి పాత రేట్ల మీద పరీక్షించేవాళ్లకు అది కూడుకుంటూ పోతుంది. ఎక్కడ తప్పుతున్నదో తెలియక తల పట్టుకునేది ఇలాంటి చోటే.

మూడో రకం జతలో ఖాతా కరెన్సీ ఎడమ పక్కా ఉండదు, కుడి పక్కా ఉండదు. డాలర్ల ఖాతాలో EUR/GBP అలాంటిది. ఒకరి ఖాతాలో 10,000 డాలర్లున్నాయి, ఒక బేరంలో 100 డాలర్లకు మించి పోకూడదని నియమం పెట్టుకున్నారు, స్టాప్ 50 పిప్‌ల దూరంలో ఉంది. లాట్‌కి పిప్ పది డాలర్లన్న లెక్కతో చూస్తే లాట్‌లో అయిదో వంతు, అంటే 20,000 యూరోలు కొనొచ్చనిపిస్తుంది. నష్టాన్ని సూత్రంతో కట్టండి. 20,000 × 0.0001 = 2, పిప్‌కు రెండు. యాభై పిప్‌లకు వంద. కానీ కుడి పక్కనున్నది పౌండు, కాబట్టి ఆ వంద పౌండ్లు. పౌండు 1.2700 డాలర్లుంటే పోయేది 127 డాలర్లు. నియమం కన్నా పాతిక శాతం పైనే ఎక్కువ, అదీ స్టాప్ అనుకున్న చోటే సరిగ్గా పనిచేసినా. సరైన మొత్తం కావాలంటే ముందుగా 100 డాలర్లను 1.27తో భాగించి పౌండ్లు చేసుకోవాలి, 78 పౌండ్ల 74 పెన్నీలు. దాన్ని 50 పిప్‌లతో, అంటే 0.0050తో భాగిస్తే 15,748 యూరోలు. కావలసిన మూడో రేటు GBP/USD. అది మనం బేరమాడే జతలో కనిపించదు, వేరే వరుసలో వెతికి తెచ్చుకోవాలి. చాలామంది మర్చిపోయేది ఆ వెతుకులాటనే.

లెక్క సరిచూసుకోవడానికి పిప్‌లను పూర్తిగా పక్కన పెట్టేయడం మంచి పద్ధతి. ఎడమ పక్క మొత్తాన్ని కొన్న రేటుతోనూ, అమ్మిన రేటుతోనూ గుణించి తేడా చూడండి. 20,000 యూరోలు 0.8500 దగ్గర కొంటే 17,000 పౌండ్లు, 0.8450 దగ్గర అమ్మితే 16,900 పౌండ్లు. తేడా వంద పౌండ్లు. ఇందులో నాలుగో దశాంశమా, అయిదోదా అన్న తికమకకు తావే లేదు. పిప్‌లతో కట్టినదీ, ఇలా కట్టినదీ కలవకపోతే దోషం కచ్చితంగా పిప్ సైజులోనో, లాట్ సైజులోనో ఉందని తెలిసిపోతుంది.

ఈ కట్టుబడిని ఎంత శ్రద్ధగా వాడుకోవచ్చో మన ఎక్స్చేంజీల కాంట్రాక్టుల్లో కనిపిస్తుంది. నేషనల్ స్టాక్ ఎక్స్చేంజిలో USD/INR ఫ్యూచర్స్ 2008 ఆగస్టు 29న మొదలయ్యాయి. కాంట్రాక్టు 1,000 డాలర్లు. మెట్టు 0.0025 రూపాయలు, అంటే పావు పైసా. మన బ్యాంకులు డాలరు బేరంలో పలికేదీ పావు పైసాల్లోనే. పావు పైసాను వెయ్యితో గుణిస్తే మెట్టుకు రెండున్నర రూపాయలు. రూపాయే కుడి పక్కన ఉంది, ఖాతా రూపాయల్లోనే ఉంది, మార్చుకునే పనే లేదు. యూరో, పౌండు కాంట్రాక్టులు కూడా వెయ్యివే, వాటి మెట్టూ రెండున్నర రూపాయలే.

యెన్ దగ్గరికి వచ్చేసరికి ఇబ్బంది ఎదురైంది. ఒక యెన్ ఒక రూపాయికి కూడా చాలదు. రేటు సున్నాతో మొదలవుతుంది, పావు పైసా మెట్టు దాని మీద మరీ పెద్ద అడుగవుతుంది. అందుకని ధరను వంద యెన్లకు పలుకుతారు, సరుకును ఒకటి నుంచి వందకు మార్చారు. కాంట్రాక్టును 1,00,000 యెన్లుగా కట్టారు. లక్షలో వందలు వెయ్యి. వెయ్యిని 0.0025తో గుణిస్తే మళ్లీ రెండున్నర రూపాయలు. నాలుగు జతలు, నాలుగు రకాల విలువలు, మెట్టు ఖరీదు మాత్రం అన్నిటికీ ఒకటే. ఒక జత నుంచి ఇంకో జతకు మారిన మనిషి కొత్త లెక్క నేర్చుకోనక్కర్లేకుండా చేసిన ఏర్పాటు ఇది. కాంట్రాక్టు వివరాల్లో ఒక చిన్న పట్టికగా ఉండే ఈ అంకెల్లో నాకు గొప్ప పనితనం కనిపిస్తుంది.

ఇక్కడ ఒక హద్దు చెప్పాలి. మన దేశంలో ఉన్నవాళ్లు విదేశీ మారకపు బేరాలు రిజర్వు బ్యాంకు అనుమతి ఉన్న సంస్థల ద్వారానూ, గుర్తింపు పొందిన ఎక్స్చేంజీల్లోనూ మాత్రమే చేయాలి. అనుమతి లేని వేదికల పేర్లతో రిజర్వు బ్యాంకు 2022 నుంచి ఒక హెచ్చరిక జాబితా ప్రకటిస్తోంది. గుర్తింపు పొందిన ఎక్స్చేంజీల్లో కూడా రూపాయి జతల్లో బేరమాడాలంటే దిగుమతి బిల్లో, ఎగుమతి రాబడో, విదేశీ అప్పో ఏదో ఒక అసలు అవసరం వెనుక ఉండాలి.

అలాంటి అవసరం ఉన్నవాళ్లకు ఈ రెండున్నర రూపాయల లెక్క నేరుగా పనికొస్తుంది. జపాన్ నుంచి యంత్రం తెప్పించుకుంటున్న ఒక కర్మాగారం మూడు నెలల తర్వాత 50 లక్షల యెన్లు కట్టాలనుకుందాం. లక్షకొకటి చొప్పున యాభై JPY/INR కాంట్రాక్టులు కొంటే సరిపోతుంది. మెట్టుకు రెండున్నర చొప్పున యాభై కాంట్రాక్టులకు 125 రూపాయలు. వంద యెన్ల ధర ఒక రూపాయి పెరిగితే 400 మెట్లు, అంటే 50,000 రూపాయలు కాంట్రాక్టుల మీద వస్తాయి. అటు యంత్రం బిల్లు పెరిగేది కూడా అంతే. 50 లక్షల యెన్లలో వందలు యాభై వేలు, ఒక్కో వందకు ఒక రూపాయి చొప్పున 50,000. రేటు తగ్గితే కాంట్రాక్టుల మీద అంతే పోతుంది, బిల్లులో అంతే కలిసొస్తుంది.